ప్రెస్ నోట్‌లో పొగడ్తలు కొట్టేస్తే ఏం మిగులుతుంది? ఒక డయాలసిస్ విభాగం ప్రకటనను తిరగరాసిన తీరు

ఒక తెలుగు దినపత్రిక హైదరాబాద్ సిటీ డెస్క్‌లో కొన్నేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. సాయంత్రమయ్యేసరికి టేబుల్ మీద ప్రెస్ నోట్లు గుట్టగా చేరేవి. ఏ నోట్ తీసినా మొదటి రెండు పేరాలు చదవకుండానే కొట్టేసి మూడో పేరా నుంచి వెతికేదాన్ని. విషయం ఏదైనా ఉంటే అక్కడే ఉండేది. చాలాసార్లు అక్కడా ఉండేది కాదు. ఇప్పుడు అవతలి వైపు కూర్చుని, సంస్థల తరఫున అవే నోట్లు రాస్తున్నాను. అందుకే డెస్క్‌లో కూర్చున్న మనిషి దేన్ని నమ్ముతుందో, దేన్ని చూసి విసుక్కుంటుందో తెలుసు.

ప్రచారంలా ఉన్న నోట్‌ను వార్తలా మార్చడమంటే విశేషణాలు తీసేయడమే అనుకుంటారు. అది సగం పనే. ‘అత్యాధునిక’ అన్న మాట తీసేస్తే అక్కడొక ఖాళీ మిగులుతుంది. రాసినవాళ్ల దగ్గర అక్కడ పెట్టాల్సిన సమాచారం లేక ఆ మాట పెట్టారు. ఆ సమాచారం కనుక్కుని పూరించడమే అసలు పని. ఈమధ్య నగర శివారులోని ఒక ట్రస్టు ఆసుపత్రి కోసం చేసిన పనిని ఉదాహరణగా తీసుకుని చెబుతాను. సంస్థ పేరు చెప్పడం లేదు. అంకెలు, వివరాలు కొన్ని మార్చాను.

నా చేతికి వచ్చిన నోట్

> వైద్య సేవారంగంలో సరికొత్త చరిత్ర! నిరుపేద కిడ్నీ రోగుల పాలిట ఆశాదీపంగా ప్రపంచ స్థాయి అత్యాధునిక డయాలసిస్ కేంద్రాన్ని మా ఆసుపత్రిలో ఆదివారం అంగరంగ వైభవంగా ప్రారంభించడం జరిగింది. రాష్ట్రంలోనే మొట్టమొదటిసారిగా అంతర్జాతీయ ప్రమాణాలతో నెలకొల్పిన ఈ కేంద్రం ద్వారా ఏటా 5 వేల మందికి పైగా రోగులకు పూర్తి ఉచితంగా నాణ్యమైన సేవలు అందించడం జరుగుతుంది. ఈ సందర్భంగా ప్రముఖ సంఘసేవకులు, మానవతామూర్తి అయిన ఛైర్మన్ గారు మాట్లాడుతూ మానవ సేవే మాధవ సేవ అని ఉద్ఘాటించారు.

కింద యంత్రాలిచ్చిన కంపెనీ ‘ఉదార విరాళం’ గురించి ఒక వాక్యం, ఓ పదిహేను మంది పేర్లు, ‘తదితరులు పాల్గొన్నారు’. డయాలసిస్ చేయించుకునే మనిషికి ఇందులో పనికొచ్చేది ఒక్క ముక్క లేదు. ఎప్పటి నుంచి రావాలి, ఎంతవుతుంది, ఖాళీ ఉందా, ఏ సమయంలో చేస్తారు? ఇవేవీ లేవు.

మొదటి మెట్టు: కొట్టేయకుండా ప్రశ్న రాయండి

నోట్‌ను ప్రింట్ తీసుకోండి. పొగడ్తలా వినిపించే ప్రతి మాట కింద గీత గీసి, పక్కన అంచులో ఒక ప్రశ్న రాయండి. ‘అత్యాధునిక’ పక్కన: ఎన్ని యంత్రాలు, కొత్తవా పాతవా? ‘అంతర్జాతీయ ప్రమాణాలు’ పక్కన: ఏ ప్రమాణం, ఎవరు ఇచ్చారు? ‘మొట్టమొదటి’ పక్కన: ఎలా తెలుసు? ‘5 వేల మంది’ పక్కన: ఎలా లెక్కేశారు? ‘పూర్తి ఉచితం’ పక్కన: ఎవరికి, ఏవి, ఎంతకాలం? ‘ఆశాదీపం’, ‘సరికొత్త చరిత్ర’ లాంటి వాటికి పక్కన రాయడానికి ప్రశ్నే ఉండదు. ప్రశ్న తట్టని మాటను నిస్సంకోచంగా కొట్టేయండి.

తర్వాత ఆ ప్రశ్నల కాగితంతో ఫోన్ చేయాలి. అయితే ఛైర్మన్‌కూ, ఆయన ఆఫీసుకూ కాదు. ఆ విభాగంలో రోజూ పనిచేసే మనిషికి చేయాలి. నేను డయాలసిస్ టెక్నీషియన్ల ఇన్‌ఛార్జికి చేశాను. ఇరవై నిమిషాల్లో నోట్ మొత్తం మారిపోయింది.

లెక్క వేసి చూడండి

“యంత్రాలు ఎన్నండీ?” అంటే, “పది మేడమ్. ఒకటి పక్కన పెడతాం, మధ్యలో ఏదైనా ఆగిపోతే కావాలి కదా. తొమ్మిది నడుస్తాయి. అందులో ఒకటి హెపటైటిస్ ఉన్నవాళ్లకే” అన్నాడతను. రోజుకు రెండు షిఫ్టులు, ఆదివారం సెలవు. ఒక్కో డయాలసిస్‌కు సుమారు 4 గంటలు పడుతుంది. మామూలుగా ఒక రోగికి వారానికి 3 సార్లు చేస్తారు.

ఇక లెక్క వేయడమే. 9 యంత్రాలు, 2 షిఫ్టులు, 6 రోజులు గుణిస్తే వారానికి 108 డయాలసిస్ విడతలు. ఒక్కో మనిషికి 3 విడతలు కావాలి కాబట్టి ఈ విభాగం చూడగలిగింది 36 మందిని. మరి 5 వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? వారానికి 108 చొప్పున 52 వారాలకు 5,616. అంటే అవి విడతలు, మనుషులు కాదు. ఎవరో విడతల లెక్క ఇచ్చారు, ఇంకెవరో దాన్ని ‘మంది’ చేశారు.

ఈ పొరపాటు ఆసుపత్రుల నోట్లలో తరచూ కనిపిస్తుంది. కావాలని చేసింది కాకపోవచ్చు. అయినా ఆరోగ్య బీట్ చూసే రిపోర్టర్‌కు పది యంత్రాలతో ఎందరికి చేయవచ్చో తెలుసు. ఒక్క అంకె తప్పని తేలితే మిగతా నోట్ అంతా అనుమానమే. తర్వాత మీ సంస్థ పంపే నోట్లనూ అదే చూపుతో చదువుతారు.

ఏ సంస్థ నోట్‌కైనా ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది. ఎన్ని పరికరాలు, రోజుకు ఎన్ని గంటలు, ఒక్కో మనిషికి ఎంతసేపు? ఈ మూడూ అడిగి భాగించి చూస్తే పెద్ద అంకె నిలబడుతుందో కూలిపోతుందో తెలిసిపోతుంది.

‘ప్రపంచ స్థాయి’ గురించి కూడా అతన్నే అడిగాను. కాసేపు ఆలోచించి, నీళ్ల గురించి చెప్పాడు. ఒక్క విడతకు శుద్ధి చేసిన నీరు దాదాపు 120 లీటర్లు కావాలి. ఆ నీటిలో బ్యాక్టీరియా ఉంటే రోగికి చలిజ్వరం వస్తుంది. అందుకని ఆర్‌వో ప్లాంటు నీటిని నెలకోసారి బయటి ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయిస్తారట. రక్తాన్ని వడకట్టే డయలైజర్‌ను ఒకరికి ఒకసారి వాడి పారేస్తారట, కడిగి మళ్లీ వాడరు. ఈ రెండు సంగతులూ అసలు నోట్‌లో లేవు. నాణ్యత అని చెప్పదలిస్తే చెప్పాల్సింది ఇవే. ‘ప్రపంచ స్థాయి’ అన్నదాన్ని ఎవరూ సరిచూడలేరు. ‘డయలైజర్ ఒకసారే వాడతారు’ అన్నదాన్ని రిపోర్టర్ వచ్చి చూడగలడు. సరిచూడగలిగిన మాటనే పత్రికలు నమ్ముతాయి.

‘అంతర్జాతీయ ప్రమాణాలు’ అన్నందుకు ఏ గుర్తింపూ లేదని తేలింది. ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉంటే అది ఏ స్థాయిదో రాయవచ్చు. దాంట్లో తొలి స్థాయి ధ్రువపత్రం వేరు, పూర్తి గుర్తింపు వేరు. దరఖాస్తు మాత్రమే పెట్టుకుని ఉంటే ‘దరఖాస్తు చేసింది’ అనే రాయాలి. వీళ్లు అదీ పెట్టలేదు కాబట్టి ఆ మాట పోయింది.

‘ఉచితం’, ‘తొలిసారి’: గొడవ తెచ్చే రెండు మాటలు

‘ఉచితం’ అని అచ్చయితే మర్నాడు పొద్దున్నే జనం వస్తారు. కౌంటర్ దగ్గర డబ్బు అడిగితే ఆ గొడవే ఎల్లుండి వార్త. అందుకే ఈ మాటను మూడు ముక్కలుగా విడగొట్టి అడుగుతాను: ఎవరికి ఉచితం, ఏది ఉచితం, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

ఇక్కడ తేలింది ఇది. ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా చేయాలన్నది వాళ్ల ఆలోచన. కానీ డయాలసిస్‌కు ఆరోగ్యశ్రీ అనుమతి ఇంకా రాలేదు, దరఖాస్తు నడుస్తోంది. అప్పటిదాకా రేషన్ కార్డు ఉన్నవాళ్ల ఖర్చు ట్రస్టు భరిస్తుంది. మిగతావాళ్లు విడతకు రూ.1,100 కట్టాలి. రక్త పరీక్షలకు, ఇంజెక్షన్లకు ఎవరైనా వేరే చెల్లించాలి. ‘పూర్తి ఉచితంగా’ అన్న రెండు మాటల వెనక ఇంత కథ ఉంది. ఇదంతా నోట్‌లో రాయాలా అని ఆసుపత్రివాళ్లు నసిగారు. రాయాలి. పాఠకులు కత్తిరించి దాచుకునే భాగం అదే.

ఆ యంత్రాలు ఒక కంపెనీ సీఎస్‌ఆర్ నిధులతో వచ్చాయి. అసలు నోట్‌లో దాన్ని ‘ఉదార విరాళం’ అన్నారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో కొంత ఇలా సామాజిక పనులకు ఖర్చు చేయాల్సిందే. చట్టం అడిగిన ఖర్చును ఔదార్యం అనడం పత్రికలకు రుచించదు. ‘కంపెనీ సీఎస్‌ఆర్ నిధులతో సమకూర్చింది’ అంటే చాలు. కానీ ఆ పేరు దాచకూడదు. సొమ్ము ఎవరిదో నోట్‌లో లేకపోతే రిపోర్టర్ మొదట అడిగేది దాని గురించే.

ఇక ‘రాష్ట్రంలోనే మొట్టమొదటిసారి’. ప్రభుత్వ, ప్రైవేటు డయాలసిస్ కేంద్రాలు రాష్ట్రంలో ఎప్పటి నుంచో ఉన్నాయి కాబట్టి ఇది మొదటి చూపులోనే అబద్ధం. ఇలాంటి మాటను బతికించుకోవాలంటే, నిజమయ్యేదాకా దాని పరిధి తగ్గించుకుంటూ పోవాలి. రాష్ట్రంలో తొలిది కాదు, నగరంలోనూ కాదు, మండలంలో తొలిదా అంటే ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. చివరికి ‘ఈ ఆసుపత్రిలో డయాలసిస్ సేవలు మొదలవడం ఇదే తొలిసారి’ దగ్గర ఆగాం. అది మాత్రం తిరుగులేని నిజం. మరీ చప్పగా ఉందంటే తీసేసినా నష్టం లేదు.

వైద్యుల విషయంలో మరో జాగ్రత్త ఉంది. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం డాక్టర్లు రోగులను ఆకర్షించేలా ప్రచారం చేసుకోకూడదు. వైద్యులు నడిపే ఆసుపత్రి ప్రకటన ఇచ్చుకున్నా అందులో సంస్థ పేరు, చేర్చుకునే రోగులు, ఉన్న వసతులు, ఫీజులు లాంటివే ఉండాలి. ‘హస్తవాసి గల’, ‘సుప్రసిద్ధ’ అని డాక్టరుకు తగిలించే మాటలు పత్రికకు చికాకు, ఆ డాక్టరుకు ఇబ్బంది. రోగి ఫొటో గానీ, గుర్తుపట్టే వివరాలు గానీ వాడాలంటే అనుమతి రాతలో తీసుకోండి. లేకుంటే వదిలేయండి.

ఇంట్రో: ఇది ఎవరి వార్త?

సంస్థలు రాసే ఇంట్రోలో, అంటే మొదటి పేరాలో, ఎప్పుడూ ప్రారంభోత్సవమే వార్త. రిబ్బన్ కత్తిరించింది ఆదివారం, అది అయిపోయింది. చదివేవాళ్లకు కావాల్సింది సోమవారం. కాబట్టి క్రియను మార్చాలి: ‘ప్రారంభించారు’ బదులు ‘సోమవారం నుంచి పనిచేస్తుంది’. ఎవరికి, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎంతకు అన్నవి మొదటి రెండు మూడు వాక్యాల్లో వచ్చేయాలి. సింగిల్ కాలమ్‌లో చోటు లేక సబ్ ఎడిటర్ కింది నుంచి కత్తిరించుకుంటూ వస్తే, పైన మిగిలిన నాలుగు లైన్లు వాటంతట అవే నిలబడాలి.

‘మా ఆసుపత్రి’, ‘మన నగరం’ ఉండకూడదు. సంస్థను మూడో మనిషిలా చెప్పాలి. ‘గారు’, ‘శ్రీ’ పత్రికలు ఎలాగూ తీసేస్తాయి, మీరే తీసేస్తే వాళ్ల చేతికి పని తగ్గుతుంది. గౌరవం ‘చెప్పారు’లో ఉంది కదా. ‘ప్రారంభించడం జరిగింది’, ‘అందించడం జరుగుతుంది’ అన్న వాక్యాల్లో పని ఎవరు చేశారో మాయమైపోతుంది. ‘ప్రారంభించారు’, ‘అందిస్తారు’ అనండి.

ఎవరేమన్నారు: ఆ చివరి క్రియ

తెలుగులో పొగడ్త విశేషణంలోనే కాదు, ‘అన్నారు’ బదులు వాడే మాటలోనూ దూరుతుంది. ‘వెల్లడించారు’ అంటే అప్పటిదాకా దాగి ఉన్నదేదో బయటపెట్టారని. ‘స్పష్టం చేశారు’ అంటే అంతకుముందు సందేహమో వివాదమో ఉందని. ‘ఉద్ఘాటించారు’, ‘కొనియాడారు’ అన్నవి సభ వేదిక మీది మాటలు. ‘పేర్కొన్నారు’ రాతలో ఉన్నదానికి నప్పుతుంది. ‘ఆవేదన వ్యక్తం చేశారు’ అంటే మనిషి మనసు మీరు చదివేసినట్టు. ‘చెప్పారు’, ‘తెలిపారు’, ‘అన్నారు’ ఈ మూడింటితో దాదాపు అన్ని నోట్లూ రాయవచ్చు. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోందని కంగారుపడకండి, చదివేవాళ్ల కన్ను దాని మీద ఆగదు.

కోట్ ఒక్కటి చాలు. ఆ మనిషి తప్ప ఇంకెవరూ చెప్పలేని మాట అయితేనే దాన్ని ఉంచాలి. ‘మానవ సేవే మాధవ సేవ’ను ఏ ఊళ్లో ఏ ఛైర్మన్ అయినా అనగలడు. దాన్ని తీసేసి కిడ్నీ వైద్య నిపుణురాలికి ఫోన్ చేసి, “రాత్రి షిఫ్టు ఎందుకు లేదండీ?” అని అడిగాను. టెక్నీషియన్లు దొరకడం లేదని ఆవిడ దాచకుండా చెప్పారు. అదే కోట్ అయింది. లోటు ఒప్పుకుంటే పరువు పోతుందని సంస్థలు భయపడతాయి. డెస్క్‌లో మాత్రం అలాంటి వాక్యం కనబడగానే మిగతా నోట్ మీద గురి కుదురుతుంది.

కోట్ మీరే రాసి ఆమోదం అడగడం చాలాచోట్ల నడుస్తోంది. అలా చేస్తే ఆ వాక్యాన్ని ఆ మనిషికి ఫోన్‌లో చదివి వినిపించండి. “నేనిలా మాట్లాడనండీ” అన్నారంటే మార్చాల్సిందే. రిపోర్టర్ ఫోన్ చేసినప్పుడు వాళ్లు అదే మాట చెప్పగలగాలి.

తిరగరాశాక

> శివారు ట్రస్టు ఆసుపత్రిలో సోమవారం నుంచి డయాలసిస్
>
> హైదరాబాద్, (తేదీ): (ప్రాంతం)లోని (ఆసుపత్రి పేరు)లో 10 యంత్రాలతో ఏర్పాటు చేసిన డయాలసిస్ విభాగం సోమవారం నుంచి పనిచేస్తుంది. రేషన్ కార్డు ఉన్నవారికి డయాలసిస్ ఖర్చును ట్రస్టు భరిస్తుంది. మిగతావారు ఒక్కో విడతకు రూ.1,100 చెల్లించాలి. రక్త పరీక్షలు, ఇంజెక్షన్ల ఖర్చు అందరికీ అదనం.
>
> ఆదివారం మినహా రోజూ రెండు షిఫ్టుల్లో డయాలసిస్ చేస్తారు. వారానికి 3 సార్లు చొప్పున 36 మందికి సేవలు అందించే వీలుందని ఆసుపత్రి తెలిపింది. హెపటైటిస్ ఉన్నవారికి ఒక యంత్రాన్ని ప్రత్యేకంగా కేటాయించారు. డయలైజర్‌ను ఒకసారి మాత్రమే వాడతారు. యంత్రాలకు వాడే నీటిని నెలకోసారి బయటి ల్యాబ్‌లో పరీక్షిస్తారు.
>
> “రాత్రి షిఫ్టు కూడా పెట్టమని ఉద్యోగాలు చేసుకునేవాళ్లు అడుగుతున్నారు. శిక్షణ ఉన్న టెక్నీషియన్లు ఇంకా దొరకలేదు. దొరికాకే మొదలుపెడతాం” అని కిడ్నీ వైద్య నిపుణురాలు డాక్టర్ (పేరు) చెప్పారు.
>
> యంత్రాలను (కంపెనీ పేరు) సీఎస్‌ఆర్ నిధులతో సమకూర్చింది. ఆరోగ్యశ్రీ కింద సేవలందించేందుకు దరఖాస్తు చేశామని, అనుమతి ఇంకా రావాల్సి ఉందని ట్రస్టు ఛైర్మన్ (పేరు) తెలిపారు. విభాగాన్ని ఆయన ఆదివారం ప్రారంభించారు.

ఛైర్మన్ పేరు పోలేదు, చివరికి వెళ్లింది. పోయిందల్లా పదిహేను మంది జాబితా. వాళ్ల కోసం ట్రస్టు సొంత పత్రిక ఉంది, అందులో వేసుకోమన్నాను.

ఆమోదం దగ్గర చిక్కు

నోట్ మళ్లీ పొగడ్తల్లోకి జారిపోయేది సాధారణంగా ఇక్కడే. “36 అంటే చిన్నగా లేదూ?” అన్నారు ఛైర్మన్. నేను వాదించలేదు. “సార్, 5 వేలని వేశాక రిపోర్టర్ ఫోన్ చేసి ఆ జాబితా అడిగితే ఎవరు మాట్లాడతారు?” అన్నాను. ఆయన టెక్నీషియన్ ఇన్‌ఛార్జి వైపు చూశారు, అతను నేలవైపు చూశాడు. 36 ఉండిపోయింది.

‘ఆశాదీపం’ ఒక్కటైనా ఉంచమని మాత్రం పట్టుబట్టారు. అది ఒక రోగి అన్న మాటైతే, ఆ రోగి ఒప్పుకుంటే కోట్‌లో పెట్టొచ్చన్నాను. విభాగం ఇంకా మొదలే కాలేదు, రోగి ఎక్కడివారు? ఆయనే నవ్వేసి వదిలేశారు. ఆమోదానికి పంపేటప్పుడు ‘అంకెలు, పేర్లు, హోదాలు సరిచూడండి’ అని మాత్రమే రాయండి. ‘మీ అభిప్రాయం చెప్పండి’ అని రాస్తే తలా ఒక విశేషణం చేర్చి పంపిస్తారు.

పంపేటప్పుడు

చాలా సంస్థలు నోట్‌ను డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో కొట్టించి పీడీఎఫ్ చేసి పంపుతాయి. అందులోంచి కాపీ చేస్తే డెస్క్‌లో పిచ్చి గీతలు వస్తాయి, మళ్లీ మొత్తం టైప్ చేయాలి. పని ఎక్కువున్న రోజు అలాంటి నోట్ పక్కకు పోతుంది. యూనికోడ్‌లో టైప్ చేసి మెయిల్‌లోనే నేరుగా పెట్టండి, వర్డ్ ఫైలు కూడా జత చేయండి. సబ్జెక్ట్ లైనులో ‘ప్రచురణార్థం’ అని వదిలేయకుండా హెడ్డింగ్‌నే పెట్టండి.

ఫొటో ఒకటి చాలు. రిబ్బన్ కత్తిరింపు కంటే యంత్రాలున్న గది మేలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. క్యాప్షన్‌లో ‘ఎడమ నుంచి’ అని పేర్లు వరుసగా ఇవ్వండి.

సిటీ పేజీకైతే సాయంత్రం ఐదు లోపు మెయిల్ చేరేలా చూసుకుంటాను. నోట్ అడుగున ఒకే ఫోన్ నంబరు ఇస్తాను. ఆ నంబరు మనిషి దగ్గర నేను పైన వేసిన లెక్కలున్న కాగితం ఉండాలి, రాత్రి తొమ్మిది దాకా ఫోన్ ఎత్తాలి. ఈ నోట్‌కు ఛైర్మన్ పీఏ నంబరు ఇద్దామన్నారు. నేను టెక్నీషియన్ ఇన్‌ఛార్జిని అడిగి, అతను సరేనన్నాక అతని నంబరే ఇచ్చాను. ఆ రాత్రి రెండు ఫోన్లు వచ్చాయట. రెండింటిలోనూ ఒకటే ప్రశ్న: “36 మందేనా? ఇప్పటికి ఎన్ని ఖాళీలున్నాయి?”